అన్నీ సరిగ్గానే పనిచేశాయి.. ఫోన్ మాత్రం మోగలేదు

ఆ శనివారం పొద్దున 8:50కి కళ్లు తెరిచి ఫోన్ చూస్తే 11 మిస్డ్ కాల్స్. తొమ్మిది అమ్మవి, రెండు పక్కింటి బాబాయివి. మొదటిది 6:20కి వచ్చింది. పడుకునేటప్పుడు ఫోన్ తలగడ పక్కనే పెట్టుకున్నా. ఒక్కటంటే ఒక్కటి కూడా వినపడలేదు.

ఖమ్మంలో మా నాన్న వాకింగ్ నుంచి వచ్చి గేటు దగ్గరే కూలబడిపోయారు. ఆయనకు షుగర్ ఉంది. ఆరోజు ఏమీ తినకుండానే బయల్దేరారట. షుగర్ బాగా పడిపోయింది. పక్కింటి బాబాయి ఆటో పిలిచి హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. అక్కడ అడిగిన మొదటి ప్రశ్న, "ఏం మందులు వాడుతున్నారు?" పోయిన వారమే డాక్టర్ మందులు మార్చారు. ఆ చీటీ ఫొటో ఉన్నది నా ఫోన్లో. అమ్మ అందుకే అన్నిసార్లు చేసింది.

నేను ఫోన్ చేసేసరికి నాన్న లేచి కూర్చుని ఇడ్లీ తింటున్నారు. గండం గడిచిపోయింది. అమ్మ తిట్టలేదు. "రాత్రి లేటయిందేమో, పడుకున్నావులే అనుకున్నా" అంది. తర్వాత ఒక్క మాట అంది. "అవతల రింగవుతూనే ఉందిరా. నీ దగ్గర మోగుతోందనే అనుకున్నా."

అదే నన్ను పట్టుకుంది. మన ఫోన్ సైలెంట్‌లో ఉన్నా చేసేవాళ్లకి ట్రింగ్ ట్రింగ్ అనే వినిపిస్తుంది. మోగట్లేదని వాళ్లకి తెలిసే దారి లేదు. అసలు ఆ ఫోన్‌ని నేను సైలెంట్‌లో పెట్టనే లేదు. రెండేళ్లుగా నా చేత్తో సైలెంట్ బటన్ ముట్టుకోలేదు. ఆ పని ఫోనే చూసుకుంటుంది. అలా చూసుకునేలా రాసిపెట్టింది నేనే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మీటింగ్ మధ్యలో నా ఫోన్ ఫుల్ సౌండ్‌తో సినిమా పాట ఎత్తుకుంది. ఆ సాయంత్రమే ఆటోమేషన్ యాప్‌ల గురించి వెతికా. ఆండ్రాయిడ్‌లో టాస్కర్, మాక్రోడ్రాయిడ్ లాంటివి చాలా ఉన్నాయి. సామ్‌సంగ్ ఫోన్లలో అయితే మోడ్స్ అండ్ రొటీన్స్ అని సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. పేర్లు వేరైనా లెక్క ఒకటే. 'ఇది జరిగితే, అది చెయ్యి.' ఫలానా చోటికి వెళితే, ఫలానా టైమ్ అయితే, ఫలానా వైఫై తగిలితే అనేది మొదటి సగం. సౌండ్ తగ్గించు, వెలుతురు మార్చు, వైఫై కట్టెయ్ అనేది రెండో సగం. నేను రెండు రొటీన్లు రాసుకున్నా.

మొదటిది ఆఫీస్ రొటీన్. మ్యాప్‌లో ఆఫీస్ చుట్టూ ఒక వృత్తం గీశా. లోపలికి వెళితే రింగర్ సున్నా, బయటికొస్తే మళ్లీ మామూలు. రెండోది రాత్రి రొటీన్. 11 గంటలకి రింగర్ సున్నా, స్క్రీన్ వెలుతురు బాగా తక్కువ. పొద్దున 6 గంటలకి మళ్లీ మామూలు. అంతే. రెండేళ్లు హాయిగా గడిచాయి. ఆఫీసులో నలుగురికి నేర్పించా కూడా.

ఇక్కడ 'మళ్లీ మామూలు' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కథంతా అందులోనే ఉంది.

నా మామూలు ఏమిటో ఫోన్‌కి ఎలా తెలుస్తుంది? ఒకరోజు రింగర్ 12 మీద ఉంటుంది, ఇంకోరోజు 8 మీద. అందుకని ఇంజినీర్ బుద్ధితో ఒక ఏర్పాటు చేశా. రొటీన్ మొదలయ్యే ముందు రింగర్ ఎంత మీద ఉందో ఒక చోట రాసుకుంటుంది. తర్వాత సున్నా చేస్తుంది. అయిపోగానే రాసుకున్న అంకెని చూసి అక్కడికే తెచ్చి పెడుతుంది. ఆఫీస్ రొటీన్‌కి ఒక కాగితం, రాత్రి రొటీన్‌కి ఇంకో కాగితం అనుకోండి. ఇదేమీ నా సొంత తెలివి కాదు. చాలా ఫోన్లలో ముందే వచ్చే రొటీన్లు కూడా 'అయిపోయాక పాత స్థితికి తీసుకురా' అనే పద్ధతి మీదే నడుస్తాయి. చూడ్డానికి ఎంతో మర్యాదైన పద్ధతి. తీసిన వస్తువు తీసినచోటే పెట్టడం లాంటిది.

నాన్న క్షేమమని తెలిశాక బస్సెక్కి ఖమ్మం బయల్దేరా. నాలుగు గంటల ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుని యాప్‌లో లాగ్ తెరిచా. ఇలాంటి యాప్‌లన్నింటిలో లాగ్ అని ఒకటుంటుంది. ఏ రొటీన్ ఏ నిమిషానికి నడిచిందో, ఏం చేసిందో వరసగా కనిపిస్తుంది. ఎక్కడో ఎర్రటి అక్షరాల్లో తప్పు కనిపిస్తుందనుకున్నా. ఒక్కటీ లేదు. అన్నీ టైమ్‌కి నడిచాయి, చెప్పింది చెప్పినట్టు చేశాయి.

మరి ఏం జరిగింది? శుక్రవారం నుంచి వరసగా చూశా.

శుక్రవారం పొద్దున 9:42కి ఆఫీస్‌లో అడుగుపెట్టా. రింగర్ 12 మీద ఉంది. ఆఫీస్ రొటీన్ తన కాగితం మీద 12 అని రాసుకుని, రింగర్‌ని సున్నా చేసింది.

ఆ రాత్రి రిలీజ్ ఉంది. మామూలుగా అలాంటి రోజుల్లో ఇంటి నుంచే పనిచేస్తా. ఆరోజు మాత్రం ఆఫీసులోనే ఉండిపోవాల్సి వచ్చింది. రాత్రి 11 అయింది. రాత్రి రొటీన్ లేచింది. రింగర్ ఎంత మీద ఉందో చూసింది. సున్నా మీద ఉంది, ఎందుకంటే నేనింకా ఆఫీసులోనే ఉన్నా. తన కాగితం మీద సున్నా అని రాసుకుంది. సున్నాని మళ్లీ సున్నా చేసింది.

రాత్రి 12:50కి బయటపడ్డా. ఆఫీస్ రొటీన్ తన కాగితం చూసి రింగర్‌ని 12కి తెచ్చింది. అంటే అర్ధరాత్రి నా ఫోన్ ఫుల్‌గా మోగే స్థితిలో ఉంది. ఎవరూ చెయ్యలేదు కాబట్టి నాకు తెలియలేదు.

పొద్దున సరిగ్గా 6 గంటలకి రాత్రి రొటీన్ ముగిసింది. తన కాగితం తీసింది. దాని మీద ఏముంది? సున్నా. రింగర్‌ని తెచ్చి సున్నా మీద పెట్టింది.

6:20కి అమ్మ మొదటి కాల్.

బస్సులో పక్క సీటాయన "ఏంటి బాబూ, ఏమైంది" అనేంత గట్టిగా నుదురు కొట్టుకున్నా.

ఇది ఇంకా సులువుగా చెప్పాలంటే, ఒక గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్ ఉందనుకోండి. ఫ్యాన్ 4 మీద తిరుగుతోంది. అన్న వచ్చి '4 మీద ఉంది' అని గుర్తుపెట్టుకుని ఆపేశాడు. కాసేపటికి తమ్ముడు వచ్చాడు. అతనికీ ఫ్యాన్ ఆగి ఉండాలి. ఇప్పటికే సున్నా మీద ఉంది కాబట్టి 'సున్నా' అని గుర్తుపెట్టుకున్నాడు. అన్న వెళ్తూ మళ్లీ 4 చేశాడు. తర్వాత తమ్ముడు వెళ్తూ తను చూసినట్టే సున్నా చేశాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. ఇద్దరూ నిజాయితీపరులే. గదిలో ఉన్నవాళ్లకి మాత్రం చెమటలు.

చివర వచ్చిన తమ్ముడు ముందు వెళ్లిపోయి ఉంటే ఏ గొడవా లేదు. ముందొచ్చిన అన్న ముందు వెళ్లిపోవడంతోనే లెక్క తప్పింది. నా రొటీన్లు రెండేళ్లు బాగా నడవడానికి కారణం అవి బాగుండటం కాదు. రోజూ ఏడింటికి ఆఫీస్ నుంచి బయటపడతా, రాత్రి రొటీన్ 11కి మొదలవుతుంది. రెండూ ఎప్పుడూ ఎదురుపడలేదు. ఎదురుపడిన మొదటిరోజే పొద్దున నాన్న పడిపోయారు.

ఇంకో తప్పు కూడా అప్పుడే బయటపడింది. నా ఫోన్లో డు నాట్ డిస్టర్బ్‌లో అమ్మ, నాన్న, అక్క నంబర్లకి స్టార్ పెట్టి, వాళ్ల కాల్స్ ఎప్పుడైనా మోగేలా మినహాయింపు ఇచ్చా. ఒకే నంబర్ 15 నిమిషాల్లో రెండోసారి చేస్తే మోగనివ్వమనే ఆప్షన్ కూడా ఆన్‌లోనే ఉంది. మరి అమ్మ తొమ్మిదిసార్లు చేస్తే ఎందుకు మోగలేదు?

ఎందుకంటే నా రొటీన్లు డు నాట్ డిస్టర్బ్‌ని ముట్టుకోలేదు. రింగర్‌నే సున్నా చేశాయి. ఈ రెండూ ఒకటి కాదు. డు నాట్ డిస్టర్బ్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. ఎవర్ని పంపాలో, ఎవర్ని ఆపాలో చూసుకుంటుంది. రింగర్ ఇంట్లో ఉన్న కాలింగ్ బెల్. బెల్ తీగ కత్తిరించేశాక వాచ్‌మన్ ఎంతమందిని లోపలికి పంపినా ఏం లాభం? ఆ పొద్దున నా ఫోన్లో వాచ్‌మన్ అసలు డ్యూటీలో లేడు, బెల్ తీగ కూడా లేదు.

ఖమ్మంలో రెండు రోజులున్నా. నాన్న మధ్యాహ్నం పడుకున్నప్పుడు కూర్చుని రొటీన్లన్నీ చెరిపేసి మళ్లీ మొదటి నుంచి రాశా. ఈసారి రాసింది రెండు రొటీన్లు కాదు, ఒక్కటే.

మొదటి మార్పు, కాగితాలు పారేశా. ఇంతకుముందు ఎలా ఉండేదో గుర్తుపెట్టుకోవడం పూర్తిగా మానేశా. దాని బదులు, ఇప్పుడు ఎలా ఉండాలి అన్న ప్రశ్న ఒక్కటే. దానికి జవాబు చెప్పడానికి రొటీన్ వరసగా చూసుకుంటుంది. ఇప్పుడు టైమ్ రాత్రి 11కీ పొద్దున 6కీ మధ్య ఉందా? ఉంటే డు నాట్ డిస్టర్బ్ ఆన్, వెలుతురు తక్కువ. లేకపోతే, ఫోన్ ఆఫీస్ వైఫైకి కనెక్ట్ అయి ఉందా? ఉంటే డు నాట్ డిస్టర్బ్ ఆన్, వెలుతురు ఆటోమేటిక్. రెండూ కాకపోతే డు నాట్ డిస్టర్బ్ ఆఫ్, వెలుతురు ఆటోమేటిక్. ఈ మూడింట్లో ఏది నిజమైనా రింగర్ మాత్రం 12 మీదే ఉంటుంది. సున్నా చేసే మాట ఎక్కడా లేదు.

ఈ ఒక్క రొటీన్‌ని లేపే సందర్భాలు మాత్రం చాలా పెట్టా. 11 కొట్టినప్పుడు, 6 కొట్టినప్పుడు, ఆఫీస్ వైఫై తగిలినప్పుడు, వదిలినప్పుడు, ఫోన్ ఆఫ్ అయి ఆన్ అయినప్పుడు. ఇవి కాక ప్రతి అరగంటకోసారి. ఎప్పుడు లేచినా అదే వరసలో చూసుకుని, అదే జవాబుకి వస్తుంది. ఒక పిలుపు తప్పిపోయినా తర్వాతి పిలుపుకి సర్దుకుంటుంది. ఆ శుక్రవారాన్ని దీని మీద వేసి చూడండి. 12:50కి ఆఫీస్ నుంచి బయటపడితే, టైమ్ రాత్రి కాబట్టి వాచ్‌మన్ అలాగే ఉంటాడు. 6 గంటలకి రాత్రి అయిపోయింది, ఆఫీస్ వైఫై లేదు, కాబట్టి వాచ్‌మన్ దిగిపోతాడు. 6:20కి అమ్మ చేస్తే మోగుతుంది. అసలు అర్ధరాత్రి 2 గంటలకి చేసినా మోగుతుంది, స్టార్ ఉంది కాబట్టి.

రెండో మార్పు, మ్యాప్‌లో గీసిన వృత్తం తీసేసి ఆఫీస్ వైఫై పెట్టుకోవడం. వృత్తం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ చాలా బద్ధకంగా పనిచేస్తుంది. దాని వ్యాసార్థం 100 నుంచి 150 మీటర్లకి తగ్గకుండా పెట్టుకోమని ఆండ్రాయిడ్ వాళ్లే చెబుతారు. అంతకంటే చిన్నగా గీస్తే ఫోన్ లోపలుందో బయటుందో తేల్చుకోలేదు. మా ఆఫీస్ చుట్టూ 150 మీటర్లంటే రోడ్డవతల టీ కొట్టు, పక్క టవర్, మెస్ అన్నీ ఆఫీసే. పైగా బ్యాటరీ కోసం, వాడకుండా ఉన్న యాప్‌లకి ఫోన్ లొకేషన్‌ని అప్పుడప్పుడు మాత్రమే ఇస్తుంది. అందుకని గీత దాటిన సంగతి తెలియడానికి రెండు మూడు నిమిషాలు పట్టడం మామూలే. చాలాసేపు కదలకుండా ఉన్న ఫోన్ అయితే ఆరు నిమిషాలు కూడా పట్టొచ్చు. మీటింగ్‌కి పరిగెత్తుకుంటూ వెళ్లి కూర్చున్న ఆరు నిమిషాలకి సైలెంట్ అయితే ఎందుకు?

వైఫై అయితే తగిలిందా లేదా అన్నది వెంటనే తెలుస్తుంది. దానికీ ఒక చిక్కుంది. లిఫ్ట్ ఎక్కితే వైఫై పోతుంది, దిగితే వస్తుంది. అందుకని వదిలిన వెంటనే కాకుండా మూడు నిమిషాలు ఆగి, అప్పుడూ లేకపోతేనే ఆఫీస్ దాటినట్టు లెక్క వేయమన్నా. ఇంకోటి, ఏ వైఫైకి కనెక్ట్ అయ్యామో దాని పేరు చదవాలంటే యాప్‌కి లొకేషన్ పర్మిషన్ ఇవ్వాలి, ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. వైఫై పేరుతో మనం ఎక్కడున్నామో కనిపెట్టొచ్చు కాబట్టి ఆండ్రాయిడ్ ఆ షరతు పెట్టింది. లొకేషన్ ఆపేస్తే యాప్‌కి పేరు కనిపించదు, ఆఫీసులో లేననే అనుకుంటుంది.

అప్పుడు ఏమవుతుంది? ఆఫీసులో ఫోన్ మోగుతుంది. నలుగురూ తల తిప్పి చూస్తారు. అంతేగా! ఇది కావాలనే అలా పెట్టా. ఏ రొటీన్ అయినా ఏదో ఒకరోజు తప్పుతుంది. తప్పినప్పుడు ఎటు పడాలో మనమే ముందే తేల్చుకోవాలి. పాతది తప్పితే సైలెంట్ వైపు పడింది, నాకు రెండున్నర గంటలు తెలియనే లేదు. కొత్తది తప్పితే మోత వైపు పడుతుంది, ఆ క్షణంలోనే తెలుస్తుంది.

మూడో మార్పు, వైఫైని ఆపే పని మానేశా. ఇల్లు దాటగానే వైఫై ఆపెయ్, ఇంటికొస్తే ఆన్ చెయ్ అని మొదట్లో రాసుకున్నా. బ్యాటరీ మిగులుతుందని ఆశ. కానీ వైఫైని చూసి ఎక్కడున్నామో తెలుసుకునే రొటీనే వైఫైని ఆపేస్తే, తర్వాత అది దేన్ని చూసి లేస్తుంది? కళ్లకి గంతలు కట్టుకుని ఎవరొస్తారా అని ఎదురుచూసినట్టు. పైగా ఆండ్రాయిడ్ 10 నుంచి మామూలు యాప్‌లకి వైఫైని ఆన్, ఆఫ్ చేసే అధికారమే తీసేశారు. ఆటోమేషన్ యాప్‌లు దానికోసం పక్కన ఇంకో సహాయక యాప్‌ని వేసుకోమంటాయి. అంత తిప్పలు పడి నేను మిగుల్చుకున్న బ్యాటరీ నాకైతే కనపడలేదు. ఇంట్లో, ఆఫీసులో వైఫై దొరికితే ఫోన్ తనే పట్టుకుంటుంది. దాన్ని దాని మానాన వదిలేశా.

వెలుతురు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాత రొటీన్ రాత్రి వెలుతురుని 5 శాతానికి దించి, పొద్దున 60కి పెంచేది. ఆటోమేటిక్ వెలుతురు ఆన్‌లో ఉంటే మనం పెట్టిన అంకెని ఫోన్ కాసేపటికి మార్చేస్తుంది, అందుకని ముందు ఆటోమేటిక్‌ని ఆపాలి. నేను రాత్రి ఆపేదాన్ని రాశా, పొద్దున మళ్లీ ఆన్ చేసేదాన్ని రాయలేదు. దాంతో మిట్టమధ్యాహ్నం ఎండలో బైక్ పక్కన నిలబడి మ్యాప్ చూడాలంటే, 60 శాతం వెలుతురులో నా మొహమే అద్దంలో కనిపించినట్టు కనిపించేది. ఇప్పుడు పొద్దున అంకె ఏదీ పెట్టట్లేదు. 'ఆటోమేటిక్ ఆన్' అని మాత్రమే ఉంటుంది. ఎండ ఎంతుందో చూసుకోవడం సెన్సార్‌కి నాకంటే బాగా తెలుసు.

ఇంత రాశాక నమ్మేయలేదు. రెండేళ్ల క్రితం చేసిన తప్పు అదే. రెండు రొటీన్లనీ విడివిడిగా పరీక్షించా, రెండూ ఎదురుపడితే ఏమవుతుందో చూడలేదు. ఈసారి ఆదివారం మధ్యాహ్నం, శుక్రవారం రాత్రిని మళ్లీ నడిపించా. 'రాత్రి' అంటే 3:00 నుంచి 3:20 అని మార్చా. 'ఆఫీస్ వైఫై' స్థానంలో మా ఇంటి వైఫై పేరు ఇచ్చా. 2:55కి వైఫైకి కనెక్ట్ అయ్యా, అంటే ఆఫీస్‌లో ఉన్నట్టు. 3:10కి చేత్తో వైఫై ఆపేశా, అంటే రాత్రి మధ్యలో ఆఫీస్ వదిలినట్టు. 3:20 దాటగానే, "అమ్మా, ఒకసారి చెయ్యి" అన్నా. నాలుగు అడుగుల దూరంలో కూర్చుని చేసింది. మోగింది.

"ఇప్పుడు పక్కింటి బాబాయ్ ఫోన్ నుంచి చెయ్యి" అన్నా. ఆ నంబర్‌కి స్టార్ లేదు. 'రాత్రి'ని 3:40 నుంచి 4:00కి మార్చి, 3:45కి చేయించా. మోగలేదు. "మళ్లీ చెయ్యి." రెండోసారికి మోగింది. 15 నిమిషాల నియమం పనిచేసినట్టు. అది చూసి అమ్మ, "అంటే తెలియనివాళ్లు కూడా రెండుసార్లు చేస్తే మోగుతుందన్నమాట. హాస్పిటల్ నుంచి నర్సు చేసినా" అంది. నేను రెండు రోజులుగా ఆలోచించింది ఆమెకి ఒక్క నిమిషంలో అర్థమైంది.

మీ ఫోన్లో ఇలాంటివి ఉంటే ఒక్కసారి తెరిచి చూడండి. ఒకే సెట్టింగ్‌ని ముట్టుకునే రొటీన్లు రెండున్నాయా? అవి రెండూ ఒకే సమయంలో నడిచే రోజు ఎప్పుడైనా రావచ్చా? నైట్ షిఫ్ట్, ప్రయాణం, పండగ, లేట్ సినిమా ఏదైనా సరే. రావచ్చనిపిస్తే, అయిపోయాక 'పాత స్థితికి' అన్నచోట 'ఇలా ఉండాలి' అని సూటిగా చెప్పండి. యాప్‌కి డు నాట్ డిస్టర్బ్ అనుమతి ఇచ్చారో లేదో, బ్యాటరీ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపకుండా వదిలేశారో లేదో కూడా చూడండి. ఆ రెండూ లేకపోతే ఎంత బాగా రాసినా ఫోన్ దాన్ని మధ్యలోనే నిద్రపుచ్చేస్తుంది.

సోమవారం పొద్దున బయల్దేరుతుంటే నాన్న తన ఫోన్ తెచ్చి చేతిలో పెట్టారు. "నాదీ మోగట్లేదురా చాలాసార్లు. దీనికీ ఏదో చెయ్యి" అన్నారు. చూస్తే రింగర్ 2 మీద ఉంది. చొక్కా జేబులో పెట్టుకున్నప్పుడు పక్క బటన్ నొక్కుకుపోయి సౌండ్ తగ్గిపోతోంది. ఆయనకి తెలియట్లేదు. ఆయనకి ఆఫీస్ లేదు, మీటింగ్ లేదు, వృత్తాలు అక్కర్లేదు. ఒకే ఒక్క రొటీన్ రాశా. పొద్దున 5 నుంచి రాత్రి 10 వరకు, ప్రతి గంటకి రింగర్‌ని ఫుల్ చెయ్యి, వెలుతురు ఆటోమేటిక్ చెయ్యి. అంతకుముందు ఎంతుందో అడగొద్దు.

ఇప్పుడు నాన్న వాకింగ్‌కి బిస్కెట్ ప్యాకెట్ జేబులో వేసుకుని వెళ్తున్నారు. తిరిగి ఇంటికి రాగానే నాకు ఒక మిస్డ్ కాల్ ఇస్తారు. ఎత్తితే ఒప్పుకోరు. "మోగిందా లేదా చూడ్డానికే" అంటారు. రోజూ ఆరున్నర ప్రాంతంలో మోగుతుంది. సెలవు రోజైనా సరే, ఆ మోత విన్నాకే మళ్లీ పడుకుంటున్నా.